కమిషనర్ కొలిచిన పెరడు

మా పెరటి గోడను పడగొట్టినప్పుడు నేను అమ్మను కంటి ఆపరేషన్ కోసం అనంతపురం తీసుకెళ్లి ఉన్నాను. తిరిగొచ్చి వెనక తలుపు తీస్తే గోడ లేదు. గోడ ఉండిన చోటికి ఇవతల, మేం బట్టలుతికే బండ పక్కనే, కాలువలా తవ్వేసి పిల్లర్లకు కమ్ములు నిలబెట్టి ఉన్నాయి.

వెనక స్థలం ఒక కాంట్రాక్టరుది. పార్టీ మనిషి. అక్కడ లాడ్జి కడుతున్నాడు. మాది దూదేకుల కుటుంబం. నాయన ఆ పెరట్లోనే దూది ఏకి, పరుపులు కుట్టి మమ్మల్ని పెంచాడు. ఆయన పోయాక ఇల్లు అమ్మ పేరున ఉంది. నేను ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను.

అమ్మా నేనూ అడగడానికి వెళ్తే కాంట్రాక్టరు కుర్చీలోంచి లేవలేదు.

"యాడుండాదమ్మా మీ గోడ? మా జాగాలో కట్టుకోనుండారు మీ నాయన. ముసలాయన పోనీలే అని ఇన్నాళ్లూ ఊరుకుంటి."

అమ్మ కంటికి ఇంకా కట్టు ఉంది. ఒంటికన్నుతోనే అతన్ని చూసింది. "ఏమప్పా, నాకు కన్ను కట్టేసినారని నీకు గోడ కానరాకుండా పోయిందా?" అంది. అక్కడున్న మేస్త్రీలు నవ్వారు. అమ్మ మాటకు కాదు, అమ్మను చూసి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా ఊరి కోర్టులో ఒక పెద్ద ప్లీడరు మా తరఫున కేసు వేశాడు. మా స్థలంలోకి రాకుండా, కట్టకుండా ఆపమని దావా. కేసు తేలేదాకా పని ఆపాలని దాంతోపాటు ఒక పిటిషన్. జడ్జిగారు అవతలివాళ్ల మాట వినకుండా ఆర్డరు ఇవ్వలేనని నోటీసు పంపారు. నోటీసు అందింది, వాయిదా పడింది, మళ్లీ వాయిదా పడింది. పిల్లర్లు మాత్రం వాయిదా పడలేదు. ప్రతి వాయిదాకీ కాస్త పెరిగాయి.

"ఇట్లయితే కాదు. అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని ఇంకో పిటిషన్ పెడదాం" అన్నాడు ప్లీడరు.

"అదేంది సార్?" అన్నాను.

"కోర్టు ఒక లాయర్ను పంపిస్తాది. సర్వేయర్తో వచ్చి జాగా చూసి, కొలిచి, ప్లాను గీసి జడ్జికి రిపోర్టు ఇస్తారు. లాడ్జి లేసినాక ఈడ గోడ ఉండె అని నువ్వెంత ఏడ్చినా ఎవరు నమ్ముతారు? ఇప్పుడెట్లుండాదో ఇప్పుడే కాగితం మీదికి రావల్ల."

అమ్మ అఫిడవిట్ మీద సంతకం చేసింది. కాంట్రాక్టరు కౌంటరు వేశాడు. మా దగ్గర సాక్ష్యం లేదట. దాన్ని పోగుచేసుకోవడానికి కోర్టు మనిషిని వాడుకుంటున్నామట. ఆ జాగా ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చడం కమిషనర్ పని కాదట. ప్లీడరు అదంతా చదివి వినిపించాడు. సాక్ష్యాన్ని జేసీబీతో ఎత్తి పారేసినవాడు, సాక్ష్యం లేదంటున్నాడు!

జడ్జిగారు ఇద్దరి వాదనా విన్నారు. హద్దు ఎక్కడన్నదే గొడవ కాబట్టి, కట్టడం సాగేకొద్దీ స్థలం రూపు మారిపోతుంది కాబట్టి కొలిపించడం అవసరమని పిటిషన్ ఒప్పుకున్నారు. కమిషనర్‌గా వేసింది ఒక యువతిని. ఆమె ఫీజు మేమే కట్టాలి. పోయింది మా గోడ, కట్టాల్సిందీ మేమే. అడిగినవాళ్లే కట్టాలన్నాడు ప్లీడరు. పళ్లు కొరుక్కుని కట్టాను.

ఆమె ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి ఒక ఆదివారం పొద్దున వచ్చింది. ప్లీడర్లిద్దరూ వచ్చారు. టౌన్ సర్వేయర్ కూడా వచ్చాడు, కాంట్రాక్టరు కారులోంచి దిగి. అమ్మ కమిషనర్ వైపు తిరిగింది.

"ఏం పాపా, కొలిచేవాడు వాళ్ల కారులోనే వస్తే కొలత ఎవురి పక్క పోతాది?"

కమిషనర్ ముఖం మారలేదు. "ఏమేం చూడాలో, మీ అభ్యంతరాలేమిటో మీ ప్లీడరుతో రాసివ్వమనండి అమ్మా. రిపోర్టుకు జతచేస్తాను" అంది. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. కాంట్రాక్టరు తెప్పించిన టిఫినూ ముట్టుకోలేదు.

టేపు పట్టేసరికి ఇంకో మోసం బయటపడింది. పాత గోడ ఉన్న వరస పొడుగునా, నేలకు పరిచే తాడిపత్రి బండలు పేర్చి ఉన్నాయి. ముందురోజు లేవు. టేపు నేలకు ఆనదు, కింద ఏముందో కనపడదు.

"అవి తీయించండి మేడమ్. వాటి కిందనే మా గోడ పునాది ఉండాది" అన్నాను.

"లాడ్జి బండలు అవి. పగిలితే ఎవురిస్తారు? ముట్టుకునేది లేదు" అన్నాడు కాంట్రాక్టరు.

నేను వంగి పైబండ పట్టుకున్నాను. అతని మనిషి ఒకడు నా చెయ్యి తోసేశాడు. అమ్మ ముందుకొచ్చింది. ఇంకో మాటయితే కొట్టుకునేవాళ్లమే. అప్పుడు కమిషనర్ గొంతు పెంచింది.

"నేను కోర్టు వారంటు మీద వచ్చాను. తీయనివ్వకపోతే బలవంతం చేయను. చూడనివ్వలేదని, ఎవరు అడ్డుపడ్డారో పేరుతో సహా రాసుకుని వెళ్తాను. తర్వాత జడ్జిగారికి మీరే చెప్పుకోండి."

అతని ప్లీడరు అతని చెవిలో ఏదో అన్నాడు. బండలు కదిలాయి. కింద సున్నపు గచ్చు అంటుకున్న రాళ్ల వరస, మా వంటింటి మూల నుంచి తిన్నగా, కనిపించింది. కొత్త పిల్లర్లు దానికి ఇవతల, మా పక్కన ఉన్నాయి. సర్వేయర్ తలెత్తకుండా కొలిచాడు. ఆమె ఫొటోలు తీయించింది, అక్కడే నోట్సు రాసి అందరి చేతా సంతకాలు పెట్టించింది.

రిపోర్టు చూసి నాకు మళ్లీ కోపమొచ్చింది. పాత పునాది ఉందని రాసింది, ప్లానులో గీసింది. మా స్థలం పత్రంలోని కొలతకన్నా తక్కువుందని, అతనిది అతని పత్రంకన్నా ఎక్కువుందని రాసింది. అంతే. ఆక్రమించాడని ఒక్క మాట లేదు.

"కండ్లతో చూసింది రాసేంతవరకే ఆమె పని. తీర్పు చెప్పేది జడ్జి" అన్నాడు ప్లీడరు.

కాంట్రాక్టరు రిపోర్టు మీద అభ్యంతరాలు వేశాడు. కోర్టు బయట మాత్రం, ఆడది ఆడదానికి సాయం చేసిందన్నాడు. అయినా ఆ రిపోర్టునూ పత్రాలనూ చూసి జడ్జిగారు పని ఆపమన్నారు. మేం దావా సవరించి, లేచిన పిల్లర్లు తీయించమనీ అడిగాం. విచారణలో కమిషనర్‌ను సాక్షిగా పిలిచి అతని ప్లీడరు చాలాసేపు ప్రశ్నలు వేశాడు. బండలు ఎందుకు కదిలించారని అడిగేసరికి, "వాటిని నేను పెట్టించలేదు, తీయనివ్వకపోతే ఆ మాటే రాస్తానన్నాను" అని ఆమె చెప్పింది. ఆయన ఆ ప్రశ్న వదిలేశాడు.

పిల్లర్లు తీసేయాలని డిక్రీ మాకే వచ్చింది. కాంట్రాక్టరు అప్పీలుకు పోయి పిల్లర్లు తీసే పని మీద స్టే తెచ్చుకున్నాడు.

స్టే వచ్చిన వారానికే ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. "కోర్టులు తేల్చేసరికి నువ్వుంటావో లేదో అక్కా. సగం వదిలేయ్, సగానికి ఆయనే గోడ కట్టిస్తాడు" అన్నారు.

"నాది నాకిచ్చేదానికి రాజీ యాల?" అంది అమ్మ. "ఆ పొద్దు బండలు పేర్చినోడు ఈ పొద్దు మిమ్మల్ని పంపినాడు. లేసి పోండి."

వాళ్లు లేచారు. అమ్మ మాట వినక ఇంకా కూర్చుంటే, నేనైతే అంత మర్యాదగా చెప్పేదాన్ని కాదు.