గువ్వల చౌడమ్మకు రేంజరు రాసిన జాబు

ఎమ్మిగనూరులో మగ్గం నేసే రామలింగప్ప కూతురు చౌడమ్మ ఐదో తరగతి చదివేది. వాళ్ళింట్లో నూలు పోగుల తుక్కు ఎప్పుడూ నేలమీద పడి ఉండేది. గూళ్ళకని ఏరుకోవడానికి వచ్చిన పిచ్చుకల కాళ్ళకు ఆ పోగులు చుట్టుకునేవి. ఆ ఏడు, అంటే యాభై నాలుగులో, ఒకే నెలలో రెండు చచ్చిపోయాయి. అవి బతకాలని రెండింటి నోట్లోనూ చౌడమ్మే పాలు పోసి చూసింది.

మూడోసారి పోగులకు చిక్కింది పిచ్చుక కాదు, గువ్వ. అవ్వ గిడ్డమ్మ ఉల్లిపాయ రసం పోద్దామంది. చౌడమ్మ ఒప్పుకోక, బడి పంతులును అడిగి, కర్నూలు ఫారెస్టు రేంజరుకు కార్డు రాసింది.

"దొరవారికి నమస్కారం. మా ఇంట్లో గువ్వ కాలికి పోగు చుట్టుకొనుండాది. ముందు రెండు పిచ్చుకలు పాలు పోసినా చచ్చిపోయినాయి. తప్పు నాదేనా? ఏమి చెయ్యాల?"

జవాబు వచ్చేదాకా గువ్వను ఏమి చేయాలో తోచక దాన్ని గంప కింద ఉంచి, కాసిని గింజలు, చిప్పలో నీళ్ళు పెట్టి, గంప మీద పాత కోక కప్పింది. నాలుగో రోజు మధ్యాహ్నం జాబు వచ్చింది. రేంజరు ఏసురాజు రెండు పేజీలు రాశాడు.

"అమ్మాయీ, పాలు పోయడం తప్పే. కానీ తెలియక చేశావు, బాధపడకు. పక్షి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి ఆడే గంపలో, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచు. నీళ్ళు లోతులేని మూకుట్లో పెట్టు. గువ్వకు కొర్రలు, సజ్జలు చాలు. పోగును లాగవద్దు, గుడ్డలో పట్టుకుని చిన్న కత్తెరతో కొంచెం కొంచెంగా కత్తిరించు. ఎముక విరిగి ఉంటే పశువుల ఆసుపత్రికి తీసుకుపో. నయమైతే దొరికిన చోటే పగలు వదిలెయ్యి. పెంచుకోవద్దు."

చౌడమ్మ గట్టిగా చదువుతుంటే గిడ్డమ్మ మూతి తిప్పింది. "యాడో కూర్చోనుండే దొరకి ఏం తెలుస్తాదే?"

"తెలుస్తాదవ్వా. చీకట్లో పెట్టమన్యాడు. మనం అదే కదా చేసింది!"

రామలింగప్ప గువ్వను పంచెలో పట్టుకున్నాడు. చౌడమ్మ కత్తెరతో ఒక్కొక్క పోగూ తెంచింది. కాలు వాచి ఉంది గానీ విరగలేదు. అవ్వే మూకుడు తెచ్చి, కొర్రలు చల్లింది.

"మెల్లగా కొయ్యే! మెల్లగా!" అని పోగులు కోస్తున్నంతసేపూ అవ్వ అంటూనే ఉండింది.

పోగులు తీసిన ఆరో రోజు పొద్దున పెరట్లో గంప ఎత్తగానే గువ్వ కాసేపు కుంటి, ఎగిరి, పక్కింటి మిద్దె మీద వాలింది. రామలింగప్ప ఆ సాయంత్రమే నూలు తుక్కు వేయడానికి మూత ఉన్న డబ్బా తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. చౌడమ్మ రేంజరుకు రెండో కార్డు రాసింది: "గువ్వ నయమై ఎగిరిపోయింది దొరా. శానా సంతోషం. అవ్వ కూడా నమస్కారం చెప్పమనింది."

నెల తిరక్కుండా ఆ వీధి పిల్లలు కుంటి కోడిపిల్లలను కూడా చౌడమ్మ దగ్గరికే తేవడం మొదలుపెట్టారు.

"ఇవి కోళ్ళు, మన రేంజరు దొర చెప్పిన గువ్వలు కాదప్పా," అని చెప్పి, అయినా చౌడమ్మ గంప తీసేది.