ఉల్లిపొట్టు రంగు, పక్కన తెల్లగుడ్డ

ఉల్లిపొట్టు మరిగిన వాసన నా చీరల్ని వదలదు. యానాంలో టెక్స్‌టైల్ విద్యార్థినులకు పాఠాలు చెబుతాను. రంగుల పాఠం వచ్చినప్పుడల్లా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు దగ్గర సంచి పట్టుకుని నిలబడి పొట్టు తెచ్చేది నేనే.

పొట్టు మరిగించి వడకట్టిన నీళ్ళలో, పటిక నీళ్ళలో నానిన నూలుగుడ్డను ఉడికిస్తే బంగారు రంగొస్తుంది. తర్వాత నీళ్ళు తేటపడేదాకా జాడించమని గొంతు చించుకుంటాను. ఉన్న రంగు పోతుందని ఎవరూ జాడించరు. ఈసారి ఒక్కమ్మాయి జాడించింది. ఆమె గుడ్డ అప్పుడే వెలిసిపోయిందని మిగతావాళ్ళు నవ్వారు.

ప్రతి గుడ్డలోంచీ చిన్న ముక్క కత్తిరించి, పక్కన తెల్లగుడ్డ కుట్టి, సబ్బునీళ్ళలో ఉతికించాను. ఆ అమ్మాయి ముక్క పెద్దగా మారలేదు. పక్కనున్న తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. మిగతా ముక్కలు పాలిపోయాయి, వాటి పక్క గుడ్డలన్నీ పచ్చబడ్డాయి.

"చూశారా?" అన్నాను.

"చూశామండి."

హమ్మయ్య అనుకుని, ఎగ్జిబిషన్‌లో పెట్టే గుడ్డలు తెమ్మన్నాను. జాడించని ముదురు గుడ్డలే తెచ్చి బల్ల మీద పరిచారు.

"ఇవేంటర్రా?"

"అక్కడెవరూ ఉతకరు కదండీ, మేడమ్!"