రెండుసార్లు పట్టించిన చోడిపిండి

జీడితోటలో మోడు గుచ్చుకుని మా ఆయన కాలి బొటనవేలు పుండు పడింది. ఎంతకీ మానలేదు. టెక్కలిలో డాక్టరు షుగరు చూసి మాత్రలు రాశాడు. పాలిష్ బియ్యం తగ్గించమన్నాడు, షుగరు దిగకపోతే వేలు దక్కదన్నాడు.

నాకు చెప్పాలా? అంగన్‌వాడీలో చిరుధాన్యాల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పేది నేనే. ఆ రోజే అన్నం మాన్పించి మూడు పూటలా చోడి జావ మొదలుపెట్టాను, రాగిజావ అన్నమాట. గరుకుగా ఉంటే ఆయనకి గొంతు దిగదు. అందుకని పిండి రెండుసార్లు పట్టించి, పల్చటి గుడ్డలో జల్లించి, పొట్టునంతా కోళ్లకి పోసేదాన్ని. మందులాంటిదే కదా, ఎంత తాగితే అంత మంచిదని పూటకి రెండు పెద్ద గ్లాసులు ఇచ్చేదాన్ని.

నెల తర్వాత చూపిస్తే షుగరు దిగకపోగా ఇంకాస్త పెరిగింది.

"బావా, ఎక్కడేటి తింతన్నావో సెప్పు," అని ఆయన్ని నిలదీశాను.

"నానేటీ తిన్లేదు. నువ్వెట్టిందే తాగుతున్నాను."

నమ్మలేదు. ఆయన కోటబొమ్మాళి సంతకి వెళ్లొస్తే చొక్కా జేబులు వెతికాను. చుట్టాల ముందే దొంగతిండి అన్నాను. నోరు కట్టుకున్న మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. రెండో నెలలో వేలు తీసేశారు.

కట్టు మార్చే నర్సు అడిగింది, ఏం పెడుతున్నారని. గొప్పగా చెప్పాను. ఆవిడ నిట్టూర్చింది.

"సోడి మంచిదేనమ్మా. కానీ పొట్టు తీసేసి, మెత్తగా పట్టి, జావ కాసేస్తే తొందరగా అరిగి రక్తంలోకి ఎక్కేత్తాది. అందులోనూ పిండే కదేటి? కొలత ఉండాల. ఒక్కో ఒంటికి ఒక్కోలాగ. మీరే ఇంట్లో సుగరు మిషనెట్టి సూడండి."

చూశాను. రోజుకొకటి పెట్టి, తిన్న రెండు గంటలకి ఆయన చేతివేలు గుచ్చాను. తెల్లన్నం, మెత్తటి గోధుమపిండి రొట్టె, నా జావ, మూడింటి అంకెలూ పక్కపక్కనే నిలిచాయి. పై తవుడు పొర తీసెయ్యని కొర్రల అన్నం కొలిచి, పప్పూ ఆకుకూరా కలిపి పెట్టిన రోజు మాత్రమే అంకె బాగా తగ్గింది. వేలు జావ వల్లే పోయిందని డాక్టరు అనలేదు. పుండుకి చీము కూడా పట్టిందన్నాడు. ఆ మాట నాకేమీ ఓదార్పు కాలేదు. ఊరికి చెప్పిన పాఠం నేనే గుడ్డెద్దు చేలో పడ్డట్టు పాటించాను.

ఆయన దగ్గర కూర్చుని తప్పు నాదేనన్నాను. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఆకలేసి ఓ పాలి తినేద్దామనుకున్నాను," అన్నాడు. "ఎలాగూ దొంగనన్నావు కదా అని. మళ్లీ మనసొప్పలేదు."

ఇప్పుడు ఏం నోట్లో పెట్టుకోవాలన్నా, చివరికి తోటలో రాలిన జీడిపండు ముక్కైనా, ముందు అరచేతిలో పెట్టి నాకు చూపిస్తాడు. చూపించొద్దని ఎన్నిసార్లు బతిమాలినా మానలేదు.