దసరాకే కట్టిన స్టేజీ

హెడ్‌మాస్టర్ విక్టర్‌కు ఫోటో లేనిదే నోరు పెగలదు. పెళ్లిలో రెండు మాటలు చెప్పమన్నా ముందు జేబులు తడుముకుంటాడు. ఫోటో దొరికిందా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. చిన్నప్పుడు అతన్ని చంకనేసుకు తిప్పిన ఆనందమ్మ, మాటలు వీని నోట్లో లేవు, బొమ్మలో ఉన్నాయనేది.

బడి వార్షికోత్సవం ఫిబ్రవరిలో. విక్టర్ మాత్రం స్టేజీని దసరా సెలవులకు ముందే కట్టిస్తాడు. రంగు కాగితాల తోరణాలు, బెలూన్లు, వెనక చీరల తెర. డాన్సు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ అందరినీ ఎక్కించి రిహార్సల్ చేయిస్తాడు. స్టూడియో బసవరాజ్ ఫోటో తీయగానే అంతా విప్పేస్తాడు. నారాయణఖేడ్ బస్సు డిపోలో కూడా దీనిమీద నవ్వుకునేవారు.

ఆనందమ్మ ముఖం మీదే అడిగింది. "పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు, గీ తొందరేందిరా?"

"అప్పుడైతే ఫోటో నిండుగొస్తది పెద్దమ్మా."

ఆ ఏడు దసరా దాటగానే చెరుకు కొట్టే కూలీల కోసం లారీలొచ్చాయి. ఆనందమ్మ కొడుకూ కోడలూ ఎక్కారు. చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి కూతురు దీవెననూ ఎక్కించారు. మనవరాలి పేరు బడిలో ఉంచుతారా, కొట్టేస్తారా అన్నదే ముసలామెకు దిగులు. కానీ తన ఇంటి కోసం నోరు తెరిచి అడగదు. అడిగితే ఆనందమ్మ ఎట్లా అవుతుంది?

వార్షికోత్సవం నాడు, దసరాకు ముందు తీసిన ఆ ఫోటోయే పెద్ద ఫ్లెక్సీగా వేలాడింది. స్టేజీ మీద స్టేజీ. విక్టర్ చేతిలో కర్రతో వార్షిక నివేదిక మొదలుపెట్టాడు. ఫలితాలు, హాజరు, ఆటలు, ఏదీ కాగితం చూసి చదవలేదు. ఒక్కో ముఖం మీద కర్ర ఆనించి చెప్పాడు. శైలశ్రీకి లెక్కల్లో మొదటి మార్కు. బీరప్ప కబడ్డీలో నిక్కరు చినిగినా గీత దాటి వచ్చాడు. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి రెండుసార్లు దగ్గాడు. డాన్సు పిల్లల పౌడరు చెమటకు చారలు కట్టింది.

కర్ర దీవెన మీద ఆగింది. "ఐదో తరగతి. పాట మంచిగ పాడుతది. చెరుకు తోటల ఉన్నది, ఉగాదికి వస్తది."

అధికారి విసుగ్గా కుర్చీలోంచి లేచాడు. "లేని పిల్లల ముచ్చటెందుకయ్యా? పేర్లు తీసేసి జల్దీ ముగించు."

విక్టర్ కర్ర దించలేదు. "లేరెట్ల సార్? స్టేజీ మీదున్నరు గదా. లారీ ఎక్కకముందు తీసిన ఫోటో ఇది. వీళ్లంత నా బడి పిల్లలే. ఒక్క పేరు గూడ కొట్టెయ్య."

దసరాకే స్టేజీ ఎందుకో ఆనందమ్మకు అప్పుడు తెలిసింది. చాప మీంచి లేచి నిలబడింది.

"ఓ సారూ, నిమ్మళంగ కూసో. ఇంక మస్తుమంది పిల్లలున్నరు. సదువు విక్టరూ."

అధికారి కూర్చున్నాడు. లారీ ఎక్కిన పిల్లలందరి పేర్లూ మైకులో మోగాయి.

మర్నాడు విక్టర్ ఆ ఫోటో చిన్న ప్రతి ఒకటి తెచ్చిచ్చాడు, తోటకు పోయేవాళ్ల చేతికిచ్చి దీవెనకు పంపమని. ఆనందమ్మ దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"గింత హడావిడి జేసి తీసినవ్. పోరి కండ్లు మూసుకున్నది గదరా!"

"వచ్చే దసరాకు మళ్ల తీస్తా పెద్దమ్మా."

"తియ్యి. స్టేజీకి నా చీర ఇస్త. లెక్చర్ మాత్రం జర చిన్నగ చెయ్యి."

విక్టర్ ఆమె చేతిలోని ఫోటో వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.