వెనక గది గడప మీద చెప్పిన ఉదాహరణ

మా ఇంటి వెనక గదిలో బాడుగకు ఉన్నవాళ్ళ కూతురూ నేనూ ఒకే కాలేజీలో బీఏ ఎకనామిక్స్ చదివాము. డెబ్భైల చివర సంగతి. పుదుచ్చేరి బజారులో మా నాయనకు బట్టల కొట్టు. వాళ్ళ నాయనకు మిల్లులో పని. ఇన్నేళ్ళయినా పొద్దు వాలేసరికి ఆ గది గడప నా కళ్ళ ముందుకు వస్తుంది. వద్దన్నా వస్తుంది.

కాలేజీ నుంచి రాగానే ఇద్దరం ఆ గడప మీదే కూర్చుని చదువుకునేవాళ్ళం. ఆ రోజు మేడం ఇచ్చిన ప్రశ్న, ఎకనామిక్స్ సైన్సా కాదా అని. నేను సైన్సే అన్నాను. వాదనలో ఓడిపోవడమంటే నాకు అప్పట్లో ఒళ్ళు మంట.

“సైన్సంటే ప్రయోగం చెయ్యాల. మనుషుల్ని గాజుబుడ్డీలో యాడ పెడతావే?” అంది నా స్నేహితురాలు.

“నక్షత్రాల్ని మాత్రం ఎవురు పెట్టినారు? చూసి లెక్క కడతారు గదా. ఉండేది ఇట్లా ఉండాది, ఇది చేస్తే ఇది జరుగుతాది అని చెప్తే పాజిటివ్. నిజమో అబద్ధమో లోకంలో చూసి తేల్చుకోవచ్చు. ఇట్లా ఉండాల అంటే నార్మేటివ్. అది ఎవురి మనసు వాళ్ళది. సైన్సులో చేరదు.”

“ఒక ఉదాహరణ చెప్పు, చూస్తాం.”

ఎదురుగా కనపడిందే నోటికొచ్చింది. “బాడుగ పెంచితే, ఇయ్యలేనోళ్ళు ఖాళీ చేస్తారు, ఇయ్యగలిగినోళ్ళు వస్తారు. ఇది పాజిటివ్.”

వాళ్ళ గడప మీద కూర్చుని అన్నాను ఆ మాట. తను పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“అందుకని పెంచాలనా?”

“పెంచాలనేది నార్మేటివ్. నేను ఆ మాట అనలేదే.”

“అట్లయితే ఒప్పుకుంటా. జరిగేదాన్ని బట్టి చెయ్యాల్సింది తేలదు. ఎవురి మేలు కావాల అనేది మధ్యలో ఉండాది. నీ సైన్సు అది చెప్పలేదు.”

గెలిచానని సంబరపడ్డాను. బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న మా నాయన సగం విని లోపలికి పోయాడని మర్నాడు గానీ తెలియలేదు.

ఆ గది బాడుగ పెంచమని మా చిన్నాన్న చాలాకాలంగా పోరుతున్నాడు. నాయనకు అడగడానికి నోరు వచ్చేది కాదు. మర్నాడు అన్నం క్యారియర్ తీసుకుని కొట్టుకు వెళితే, బేరానికి వచ్చినవాళ్ళ ముందు నన్ను చూపించి అన్నాడు, “మా పాప చెప్పింది. బాడుగ పెంచేది సైన్సంట.” ఆడపిల్లకు ఈ చదువు చాలు, ఈ ఏటితో మానిపించేద్దాం అంటూ వచ్చిన మనిషి. నా చదువును నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదలు. నేను తల వంచుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఒకటో తేదీన మా నాయన వాళ్ళ నాయనను పిలిచి బాడుగ రెట్టింపు అన్నాడు. ఆ సాయంత్రం తను మా వంటింటి వాకిట్లో నిలబడింది.

“మీ నాయనకు ఒక్క మాట చెప్పు. జరిగేది చెప్పినాను గానీ చెయ్యమని చెప్పలేదు అని. అంతే.”

“నేను చెప్పింది అబద్ధమా ఏంది?”

“నిజమే. అందుకే నిన్ను అడుగుతా ఉండేది.”

చెప్తాను అన్నాను. చెప్పలేదు. చెబితే నాయన ముఖంలో ఆ మెప్పు పోతుందని, దాంతోపాటు నా కాలేజీ కూడా పోతుందని భయం. రెండు వారాలు రోజూ తను నా ముఖంలోకి చూసేది. నేను చెప్పుల వంకో, బావి వంకో చూసేదాన్ని. తర్వాత వాళ్ళు సామాను బండికెత్తించి ఊరి చివర మురుంగపాక్కం వెళ్ళిపోయారు. తను మళ్ళీ కాలేజీకి రాలేదు.

ఇయ్యలేనివాళ్ళు ఖాళీ చేశారు. అంతవరకు నా సైన్సు సరిపోయింది. ఇయ్యగలిగినవాళ్ళు మాత్రం ఏడాది దాకా రాలేదు. తాళం వేసిన ఆ గది పక్కన దీపాల వేళ నేను ఒక్కదాన్నే చదువుకునేదాన్ని. “అందుకని పెంచాలనా?” అని లోపలి నుంచి వినపడేది. ఎవరూ లేరని తెలుసు. అయినా తలుపుకు వీపు పెట్టి కూర్చోవాలంటే భయమేసేది.

ఆఖరి పరీక్షలో పాజిటివ్, నార్మేటివ్ తేడా రాయమని అడిగారు. హాల్లో తనది కావలసిన బల్ల మీద ఇంకెవరో రాస్తున్నారు. బాడుగ ఉదాహరణే రాశాను. చివర, బాడుగ పెంచితే ఏం జరుగుతుందో తెలిసినంత మాత్రాన పెంచాలని తేలదు, ఎవరి మేలు కావాలో మనిషే నిర్ణయించుకోవాలి అని వివరంగా రాశాను. మంచి మార్కులు వచ్చాయి. మా నాయనకు చెప్పవలసిన మాట, ముఖం తెలియని ఎవరో దిద్దేవాళ్ళకు చెప్పాను.