నీడలో తువ్వాల

స్వర్ణ చేతిలో ఫోటో దిగడమంత చిరాకు పని ఇంకోటి లేదు. నవ్వమని అడగదు. "అక్కా, జర ఇటు జరుగు, నీ ముఖం సగం ఎండల, సగం నీడల ఉండాలె" అంటుంది. ఆమెకు కావలసింది నేను కాదు, నా ముక్కు పక్కన పడే నీడ. తార్నాకలో ఓ మేడ మీద రెండు గదుల్లో నడిచే మా మొబైల్ ఫోన్ల మాసపత్రికకు ఫోన్ కెమెరాలు పరీక్షించేది ఆమె. ఆమె రాసింది పేజీల్లో పేర్చేది నేను. నా పేరు సుప్రజ. మాది గోదావరి వైపు, పెరిగింది మాత్రం తార్నాకలోనే.

స్వర్ణది నల్లగొండ పక్క పల్లె. వాళ్ల నాన్న పొలం పనికి పోయేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటోలో నాన్న తెల్ల చొక్కా చక్కగా వచ్చింది, పక్కన నిలబడ్డ స్వర్ణ ముఖం మాత్రం నల్లటి మరకలా పడింది. "చొక్కకు సరిపడ తీసిండు, నాకు సరిపడ తియ్యలే" అని ఇప్పటికీ ఆ ఫోటోగ్రాఫర్ని తిడుతుంది. యూనివర్సిటీలో జర్నలిజం చదవడానికి వచ్చి, ఖర్చులకని మా దగ్గర చేరింది. చదువు కన్నా నీడల మీద పగే ఎక్కువ చూపించింది.

ఆమె పని పద్ధతి నాకు మొదట్లో నవ్వు తెప్పించేది. చెక్కముక్కకు రెండు ఫోన్లూ పక్కపక్కనే బిగించి, దాన్ని స్టాండుకు తగిలిస్తుంది. రెండింటి లెన్సులూ మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. రెండు తెరల మీదా ఒకేచోట తాకి ఫోకస్ పెట్టి, రెండు బొటనవేళ్లతో ఒకేసారి నొక్కుతుంది. ఆఫీసుకొచ్చాక కంప్యూటర్లో రెండు ఫోటోలనూ ఒకే కొలతకు తెచ్చిగానీ పోల్చదు. "ఎనిమిది మెగాపిక్సెల్ దాన్ని, ఐదు దాన్ని ఉన్నదున్నట్టు పెద్దగ జేసి చూస్తే, పాపం ఎనిమిదిదే గరుకుగ కనబడ్తది. గది న్యాయం గాదక్కా" అనేది. న్యాయం అన్న మాట ఫోన్ల విషయంలో వాడిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

దృశ్యం కూడా ప్రతి నెలా ఒకటే. ఆర్ట్స్ కాలేజీ ముందర, రోడ్డుకు ఇవతల. వెనక వెలిగిపోయే ఆకాశం, మధ్యలో రాతి భవనం, పక్కన చెట్ల కింద చిక్కటి నీడ. ఆకాశం తెల్లగా మాడిపోకుండా, నీడ నల్లగా మునిగిపోకుండా రెండింటినీ ఏ ఫోన్ ఎంతవరకు పట్టుకుంటుందో అక్కడ దాచడం కుదరదు.

రెండువేల పన్నెండులో ఒకరోజు, అలాగే ఒక నల్ల ఫోన్నీ ఒక తెల్ల ఫోన్నీ పట్టుకుపోయింది. ఆమె స్టాండు పెట్టేసరికి ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థుల ర్యాలీ మొదలైంది, ఎదురుగా పోలీసులు. తెలివున్న మనిషి అయితే ఇంటికొచ్చేది. ఈవిడ "మనుషులుంటే చర్మం రంగు కూడ తెలుస్తది" అనుకుని రెండు బొటనవేళ్లూ నొక్కింది. ఆ తర్వాత రాళ్లు, బాష్పవాయువు. స్టాండు చంకన పెట్టుకుని కళ్ల నీళ్లతో ఆఫీసులోకి వచ్చి పడింది. నేను చివాట్లు పెట్టాను. ఆమె దగ్గుతూనే ఫోటోలు ఎక్కించుకుంది.

తెల్ల ఫోన్ ఆకాశాన్ని మాడ్చేసింది కానీ నీడను తెరిచింది. నల్ల ఫోన్ ఆకాశాన్ని కాపాడి నీడను చీకటిలో వదిలేసింది. చెట్టు కింద చిన్న చదరం ఒకటి రెండు ఫోటోల్లోంచీ కత్తిరించి పక్కపక్కన వేశాం. ఆ చదరం వైపు పూటంతా చూశాం ఇద్దరం. తెల్ల ఫోన్ నీడలో లేచే చుక్కల గరుకును తనంతట తానే తుడవబోయి ఆకుల్ని ఎలా ముద్ద చేసిందో, అంచుల చుట్టూ లేని తెల్లగీత ఎలా గీసిందో చూశాం. చదరంలో ఒక మనిషి ఉన్నాడు. ముఖం ఎండలో, పైకెత్తిన చెయ్యి నీడలో. ఆ మనిషిని మాత్రం మేమిద్దరం చూడలేదు. ఆ పొరపాటు ఇంకెవరూ చెయ్యరు, మా పని చేసేవాళ్లే చేస్తారు.

అతను భిక్షపతి. స్వర్ణ ఊరివాడే, వరసకు అన్న. క్యాంపస్ హాస్టల్లో ఉంటూ కానిస్టేబుల్ పరీక్ష రాసి, పరుగులోనూ నెగ్గి, ఇక నడవడి మీద పోలీసు విచారణ ఒక్కటే మిగిలి ఎదురుచూస్తున్నాడు. వాళ్లమ్మ కాశమ్మ మల్కాజ్‌గిరిలో ఒక హాస్టల్లో వంట చేసి చదివించింది. ఒక్క కేసు పేరు పక్కన పడిందంటే ఆ ఉద్యోగం పోయినట్టే. పత్రిక బయటికొచ్చిన వారానికి అతన్ని స్టేషన్‌కు పిలిచారు. ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీద మా పేజీ ఉంది. తెల్ల ఫోన్ చదరంలో, పైకెత్తిన చేతిలో, బూడిదరంగు ముద్ద. రాయి అన్నారు.

"రాయి గాదు చెల్లె. నా తువ్వాల. గ్యాస్ కొడ్తరని తడిపి ముద్ద జేసి పట్టుకున్న. దోస్తులను ఎన్కకు రమ్మని చెయ్యి ఊపిన" అన్నాడు ఆఫీసుకొచ్చి. "అమ్మకైతే చెప్పకురి."

స్వర్ణ వెంటనే నల్ల ఫోన్ ఫోటో తెరిచి, ఆ చేతిని పెద్దది చేసి, నీడ వెలుగును పైకి లాగింది. చీకటిలోంచి ఇసుక చల్లినట్టు గరుకు లేచింది. ఎర్ర, పచ్చ చుక్కలు ముసిరాయి. కానీ ఆ గరుకులోనే మడతలు కనబడ్డాయి. ఎర్ర గళ్లు కనబడ్డాయి. తువ్వాలే!

"చూసినవా అక్కా? తెల్లది చుక్కలు తుడుస్త తుడుస్త ఎర్రగళ్లు గూడ తుడిచేసింది. చిన్న రంగును గది చుక్క అనుకుంటది. నల్లది ఏం తుడవలే, చీకట్ల అట్లనే ఉంచింది" అంటూ ఏడుస్తూ నవ్వింది. నేనూ ఆమెను పట్టుకుని గంతులేశాను. భిక్షపతి కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఆ చెయ్యి మటుకు ప్రింటు తీసి స్టేషన్‌కు పరుగెత్తాం. ఇన్‌స్పెక్టర్ మొరటువాడు కాదు. స్వర్ణ చెప్పిందంతా విన్నాడు, ప్రింటును వెలుతురులో పెట్టి చూశాడు.

"తువ్వాల లెక్కనే ఉన్నది. కాని ముక్క కట్ చేసి తెస్తే ఎట్లమ్మా? ఫోన్ల నుంచి వచ్చిన ఫోటో మొత్తం తెండి, ఒరిజినల్. నీడను ఎట్ల లేపాల్నో మీరే చూపించిన్రు, మావాళ్లు లేపుకుంటరు. రేపు తెండి, పిలగాన్ని వదిలేస్త."

మాకు ఏనుగెక్కినంత సంతోషం. ఆఫీసుకొచ్చి స్వర్ణ అసలు ఫోటో సీడీలో వేయబోతూ, ఒక్కసారి మొత్తం ఫోటోకు నీడ వెలుగు పెంచింది. పెంచి అలాగే ఉండిపోయింది.

భిక్షపతి వెనక, చెట్టు మొదలు దగ్గర, ముగ్గురు. వాళ్ల చేతుల్లో ఉన్నవి మాత్రం రాళ్లే. తెల్ల ఫోన్లో వాళ్ల ముఖాలు ముద్దలు. నల్ల ఫోన్లో, అంత గరుకులోనూ, కనుబొమ్మలతో సహా తెలుస్తున్నాయి. ఒకడు మల్లన్న అని, తన క్లాసేనని స్వర్ణ గుర్తుపట్టింది. మేము మళ్లీ చదరాన్నే చూశాం, చుట్టూ ఉన్న మనుషుల్ని చూడలేదు.

"ఇచ్చెయ్" అన్నాను నేను.

"ఎట్ల ఇస్తనక్కా?"

"చేతులతో ఇస్తావు. మా నాన్న ఎక్కిన బస్సు మీద రాయి పడి, అద్దం పగిలి ఆయన నుదుటికి కుట్లు పడ్డాయి, నీకూ తెలుసు. రాయి వేసినవాడికి లేని భయం వెయ్యనివాడికి ఎందుకు?"

"సుబ్బరాయుడు అంకుల్‌కు తగిలింది తప్పే. నేను కాదంటలేను. కాని వీళ్లు నన్ను ఫోటో తీస్కొమ్మని చెప్పలే అక్కా. నేను ఫోన్లు చూస్తున్న అనుకుని నా ముంగట నిలబడ్డరు."

నాకు ఒళ్లు మండింది. అన్న లాంటివాడి బతుకు కన్నా ఎవరో ముగ్గురు ఎక్కువా అని అరిచాను. మీ వాళ్లు, మా వాళ్లు అన్న మాటలు కూడా ఆ గదిలో మొదటిసారి నా నోటి నుంచే వచ్చాయి. స్వర్ణ భిక్షపతికి ఫోన్ చేసి రమ్మంది.

అతను వచ్చి తెర ముందు కూర్చున్నాడు. స్వర్ణ ముందు తువ్వాల చూపించింది. తర్వాత మెల్లగా పక్కకు జరిపి ఆ ముగ్గుర్నీ చూపించింది.

"ఇది ఇస్తే నేను బయటపడ్తనా?"

"పడ్తవ్ అన్నా."

"వీళ్లు?"

స్వర్ణ తల వంచుకుంది.

"ఈళ్లను పట్టిచ్చి పోలీసు డ్రస్సు తొడుక్కుంటే, రేపు ఏ ముఖం పెట్టుకుని హాస్టల్ ముంగట నిలబడ్త?" అన్నాడు. గొప్పగా అనలేదు, కోపంగా అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు. "తువ్వాలను ఇంకొక్కపారి పెద్దగ చెయ్యి చెల్లె." చేసింది. కళ్లు ఆర్పకుండా చూశాడు. "ఇగ తీసెయ్."

స్వర్ణ వేళ్లు కదల్లేదు. అతనే చెయ్యి చాచి మీట నొక్కాడు. కంప్యూటర్ నిజంగానా అని అడిగితే మళ్లీ నొక్కాడు. ఫోన్లోదీ తీసేయించాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అప్పుడు నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందో, అంత ఏడుపూ వచ్చింది.

పని అయ్యాక ఫోటోలు తీసేస్తామని స్వర్ణ స్టేషన్‌లో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు, నమ్మనట్టు కనబడనూ లేదు. "మీ ఇష్టం. నా దగ్గర ఉన్న ఫోటోల రాయే ఉన్నది" అని మా పేజీని ఫైల్లో పెట్టుకున్నాడు. కేసు పడింది. కానిస్టేబుల్ జాబితాలో భిక్షపతి పేరు రాలేదు. కాశమ్మకు ఎలాగూ తెలిసింది. ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చుని "ఫోటో దిగితే నౌకరి పోతదా బిడ్డా?" అని స్వర్ణను అడిగింది. తిట్టినా బాగుండేది.

స్వర్ణ పని మానలేదు. కానీ ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ ముందుకు పోలేదు. మా మేడ మీద నీళ్ల ట్యాంకును, పూలకుండీలను తీసేది. పాఠకులు విసుగ్గా ఉందని రాశారు. రాసుకోనీ అన్నాను.

కొన్ని నెలలకు భిక్షపతి వచ్చాడు. లాలాపేట్ నుంచి ఎవరిదో ఆటో నడుపుతున్నాడట. చిక్కిపోయాడు. కేసు వాయిదాల గురించి అడిగితే దాటేశాడు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కెమెరా ఉన్న ఫోన్ కొనుక్కోవాలని ఉంది, ఏది మంచిదని స్వర్ణను అడిగాడు.

చాలా రోజులకు ఆమె ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "నల్లదే కొనుక్కో అన్నా. మన పోలికల గదే గెలిచింది."

"చీకట్ల నిలబడ్డోళ్ల ముఖాలు గూడ వస్తయా దాంట్ల?"

"వెలుగు లేపితే వస్తయి."

"అయితే నాకది వద్దు చెల్లె. ముద్ద చేస్తది చూడు, ఆ తెల్లది, దాని పేరు రాసియ్యి" అన్నాడు.

స్వర్ణ కాగితం ముక్క మీద ఆ పేరు రాసి ఇచ్చింది.