సూత్రంలో లేని మాట

ఇంటర్ అయ్యాక పెదపాడు నుంచి ఏలూరుకి బస్సులో లా కోచింగ్‌కి వెళ్లొచ్చిన ఆ ఏడాది, నాతో పాటు మా నానమ్మా చదివింది. అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే.

లా ప్రవేశ పరీక్షలో లీగల్ రీజనింగ్ అని ఒక భాగం. పైన ఒక సూత్రం ఇస్తారు, కింద ఒక సంఘటన. ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేసే జవాబును ఎంచుకోవాలి. సాయంత్రాలు నానమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆ ఇంగ్లీషు ప్రశ్నలు తెలుగులో చెప్పేదాన్ని.

ఒక రోజు సూత్రం ఇది: అనుమతి లేకుండా ఇతరుల స్థలంలోకి వెళితే అక్రమ ప్రవేశమే, ఉద్దేశం ఏదైనా సరే. సంఘటన: పక్కవాడి చేపల చెరువులో దూడ పడితే, ఒకడు అడగకుండానే కంచె దాటి వెళ్లి దాన్ని బయటికి లాగాడు. అతడిది తప్పు కాదని నానమ్మ తీర్పిచ్చేసింది. మర్నాడు క్లాసులో నేనూ అదే పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. ప్రశ్నలో లేనిది మనసులోంచి తెచ్చి కలపొద్దని మాస్టారు చెప్పారు. ఆ కోపమంతా ఇంటికొచ్చి నానమ్మ మీద చూపించాను. ఆవిడ దూడ తరఫున అలిగి, అన్నాల దాకా నాతో మాట్లాడలేదు.

తర్వాత తనే ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి ప్రశ్నకీ ముందు మనసుకి ఒక జవాబు, ఆపైన పరీక్షకి ఒక జవాబు చెప్పేది. రెండోది తప్పేది కాదు. నాకే ఉడుకుమోత్తనంగా ఉండేది.

మా నాన్నకి ఈ చదువు మీద నమ్మకం లేదు. సీటు వస్తే చదివిస్తానని మా ఇద్దరి ముందూ మాటిచ్చారు గానీ, రాదనే ధీమా. సీటు వచ్చింది. భోపాల్‌లో. భాష తెలియని ఊరికి ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపుతానంటూ నాన్న అడ్డం తిరిగారు. దగ్గర్లో వస్తుందనుకుని ఒప్పుకున్నారట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

నానమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది.

"అబ్బాయ్, సీటొస్తే చదివిస్తానన్నావు. అదీ సూత్రం. సీటొచ్చింది. నువ్వన్న దాంట్లో ఊరి పేరు లేదురా. లేనిది ఇప్పుడు కలపకూడదు."

నాన్న చేట తన వైపు లాక్కుని నాలుగు కాయలు ఒలిచారు. చివరికి రైలు ఏలూరులో ఆగుతుందో లేదో కనుక్కోమన్నారు.

ఆ రాత్రి పక్కన పడుకుని, నేను వెళ్లిపోతే ఉండగలవా అని నానమ్మని అడిగాను. ఆవిడ నా జుట్టు సవరించింది.

"అది ప్రశ్నలో లేదే తల్లీ," అంది.